నాలుగు లింకుల బండిల్‌లో ఒక్కటే ఎందుకు నిండిపోతుంది? హాష్ లెక్క చూసి సరిచేసే పద్ధతి

మీరు కావలిలో పదిహేను వందల ఇళ్లకు ఇంటర్నెట్ ఇస్తున్నారనుకుందాం. నెల్లూరులో ఉన్న మీ రౌటర్ నుంచి కావలి రౌటర్ దాకా ఒకే ఫైబర్ జత మీద నాలుగు రంగుల కాంతితో, 80 కిలోమీటర్ల రకం మాడ్యూల్స్ పెట్టి, నాలుగు 1 జీ లింకులు నడుపుతున్నారు. ఆ నాలుగింటినీ కలిపి ఒక బండిల్‌గా కట్టారు. కాగితం మీద 4 జీ ఉంది. అయినా రాత్రి తొమ్మిది కాగానే ఫోన్లు మొదలవుతాయి. వీడియో ఆగి ఆగి వస్తోందంటారు, ఆట ఆడే పిల్లలు పింగ్ పెరిగిందంటారు. మీరు బండిల్ గ్రాఫ్ తెరిచి చూస్తే వాడకం 32 శాతం దగ్గర తిన్నగా గీత గీసినట్టు ఆగి ఉంటుంది. మూడింట రెండు వంతులు ఖాళీగా ఉన్న లింకు మీద రద్దీ ఏమిటని పైనున్న ప్రొవైడర్‌ను అనుమానిస్తారు. వాళ్లు మా వైపు అంతా బాగుందంటారు. సాధారణంగా వాళ్లు చెప్పేది నిజమే.

ఆ గీత తిన్నగా ఉండడమే అసలు ఆధారం. జనం వాడకం ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. గీత పైభాగం నున్నగా కోసినట్టుందంటే ఎక్కడో ఒక గొట్టం నిండిపోయిందని అర్థం. ఆ గొట్టాన్ని కనిపెట్టడం, అది ఎందుకు నిండిందో లెక్క కట్టి చూడడం, తర్వాత సరిచేయడం ఇక్కడ వరుసగా చెబుతాను. రెండు చివరలా లినక్స్ రౌటర్లు ఉన్నట్టు తీసుకుంటున్నాను, ఎందుకంటే ఏ ప్యాకెట్ ఏ లింకు మీద వెళ్లాలో తేల్చే లెక్క, అంటే దాని హాష్ సూత్రం, బయటికి తెలుసు, చేత్తో లెక్క కట్టవచ్చు. మైక్రోటిక్ వాడేవారికి తేడా ఉన్నచోట చెబుతాను.

మొదటి పని: బండిల్‌ను వదిలి ఒక్కో లింకును చూడండి

కావలి జనం దించుకునే ట్రాఫిక్‌ను ఈ బండిల్‌లోకి పంపేది నెల్లూరు రౌటర్. కాబట్టి కావలిలో కూర్చుని ఎంత వెతికినా లాభం లేదు, నెల్లూరు రౌటర్‌లోకి వెళ్లండి. రద్దీ వేళలోనే ఈ కమాండ్ ఇవ్వండి:

```
sar -n DEV 10 1
```

పది సెకన్ల సగటు వస్తుంది. అందులో మనకు కావలసిన రెండు గడులు తీసి రాస్తే మన ఉదాహరణలో ఇలా ఉంటుంది:

```
IFACE     txkB/s
eth1        0.01
eth2        0.13
eth3    37842.00
eth4   117187.00
```

సెకనుకు కిలోబైట్లను ఎంబీపీఎస్‌లోకి మారిస్తే eth4 మీద 960, eth3 మీద 310. మిగిలిన రెండూ పేరుకు వెలుగుతున్నాయి, అంతే. మొత్తం 1270. దాన్ని 4000తో భాగిస్తే 32 శాతం. మీ గ్రాఫ్ అబద్ధం చెప్పలేదు, సగటు చెప్పింది. కానీ eth4లో ప్యాకెట్లు పడిపోతున్నాయి. `tc -s qdisc show dev eth4` రెండుసార్లు ఇచ్చి `dropped` అంకె పెరుగుతోందో లేదో చూడండి. రద్దీ వేళలో అది పెరుగుతూ, మిగిలిన మూడు లింకులలో కదలకుండా ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

హాష్ జోలికి వెళ్లే ముందు ఒక్క అనుమానం తీర్చుకోవాలి. నాలుగు లింకులూ నిజంగా ఒకే బండిల్‌లో ఉన్నాయా?

```
grep -E 'Hash|Slave Interface|Aggregator ID' /proc/net/bonding/bond0
```

నాలుగు ఇంటర్‌ఫేస్‌ల కింద `Aggregator ID` ఒకే అంకె ఉండాలి. ఒకదాని కింద 1, ఇంకోదాని కింద 2 ఉంటే ఆ రెండూ వేర్వేరు గుంపుల్లో పడ్డాయి. అప్పుడు పని చేసేది ఒకే గుంపు, రెండోది ఊరికే నిలబడి ఉంటుంది. అవతలి చివర ఒక పోర్టును బండిల్‌లో చేర్చడం మరచిపోయినా, కేబుళ్లు తారుమారై ఒకటి వేరే బండిల్‌లోకి వెళ్లినా ఇలాగే జరుగుతుంది. అది వైరింగ్ సమస్య, హాష్‌కు సంబంధం లేదు. మన ఉదాహరణలో అంకెలన్నీ ఒకటే, మొదటి వరుసలో మాత్రం ఇది కనిపించింది:

```
Transmit Hash Policy: layer2 (0)
```

దొంగ ఇక్కడే ఉన్నాడు.

రెండో పని: ఆ లింకును ఎవరు ఎంచుకున్నారో లెక్క కట్టండి

బండిల్ కట్టే ప్రోటోకాల్ ఎల్‌ఏసీపీ ట్రాఫిక్‌ను సమానంగా పంచుతుందని చాలామంది నమ్ముతారు. దాని పని వేరు. ఏ లింకులు ఒకే అవతలి పెట్టెకు వెళ్తున్నాయి, ఏవి బతికి ఉన్నాయి అని రెండు చివరలూ మాట్లాడుకోవడానికే అది ఉంది. ప్యాకెట్ ఏ లింకు మీద వెళ్లాలన్నది పంపే పెట్టె ఒంటరిగా తీసుకునే నిర్ణయం. అవతలి వైపును అడగదు, ఏ లింకు ఖాళీగా ఉందో కూడా చూడదు. ప్యాకెట్ తల మీద రాసి ఉన్న కొన్ని అంకెలు తీసుకుని, వాటిని కలగలిపి, లింకుల సంఖ్యతో భాగించి, శేషం ఎంత వస్తే ఆ లింకులోకి తోసేస్తుంది. టోల్‌గేటులో వరుస ఎంత పొడవుందో చూడకుండా బండి నంబరు చివరి అంకెను బట్టి లేను కేటాయించినట్టు. అన్ని బండ్ల నంబరూ ఒకటే అయితే ఒకే లేను నిండుతుంది, పక్క లేన్లలో ఈగలు తోలుకుంటారు.

ఇంత మొండిగా ఎందుకు చేస్తుందంటే వరుస తప్పకుండా ఉండడానికి. ఒక సంభాషణలోని ఫ్రేములు పంపిన వరుసలోనే చేరాలన్నది లింకుల బండిల్ ప్రమాణంలో మొదటి నుంచీ ఉన్న షరతు. 2000లో వచ్చిన 802.3ad, తర్వాత దాని స్థానంలోకి వచ్చిన 802.1AX రెండూ అదే చెబుతాయి. 1500 బైట్ల ప్యాకెట్ 1 జీ లింకు మీదికి ఎక్కడానికి 12 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక లింకు ముందు పది ప్యాకెట్లు ఆగి ఉండి, పక్క లింకు ఖాళీగా ఉంటే, వెనుక బయలుదేరింది ముందు చేరుతుంది. టీసీపీ దాన్ని చూసి ప్యాకెట్ పోయిందనుకుంటుంది. అవతలి నుంచి ఒకే రసీదు అంకె మూడుసార్లు తిరిగొస్తే మళ్లీ పంపడం మొదలుపెట్టి, తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందుకే `balance-rr` పెట్టి ప్యాకెట్‌కొక లింకు చొప్పున తిప్పమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. నాలుగు లింకుల గ్రాఫ్‌లూ అందంగా సమానంగా కనిపిస్తాయి, జనానికి మాత్రం వేగం పడిపోతుంది.

ఇప్పుడు లెక్క. `layer2` పద్ధతికి లినక్స్ బాండింగ్ పత్రంలో ఇచ్చిన సూత్రం ఇది:

```
hash = src MAC[5] XOR dst MAC[5] XOR packet type
link = hash mod 4
```

మ్యాక్ అడ్రస్‌లోని చివరి బైటు మాత్రమే లెక్కలోకి వస్తుంది. నెల్లూరు బండిల్ మ్యాక్ చివర `a4`, కావలి రౌటర్ మ్యాక్ చివర `1f` అనుకోండి. మన నెల్లూరు రౌటర్ నుంచి బయలుదేరే ప్రతి ప్యాకెట్ మీదా ఈ రెండే ఉంటాయి. లోపలి ఐపీలు వేలల్లో ఉండవచ్చు, కానీ ఈ దారిలో మ్యాక్‌లు రెండే, ఎందుకంటే ఇది రెండు రౌటర్ల మధ్య లింకు.

నాలుగుతో భాగిస్తే శేషం అంటే చివరి రెండు బిట్లే. కాబట్టి మొత్తం లెక్క అక్కర్లేదు, చివరి రెండు బిట్లు చాలు. `a4` చివర 00, `1f` చివర 11. రెండింటినీ ఎక్సార్ చేస్తే, అంటే బిట్లు వేరుగా ఉన్నచోట 1, ఒకటిగా ఉన్నచోట 0 వేస్తే, 11. ఐపీవీ4 ప్యాకెట్ రకం `0800`, దాని చివర 00. అది కలిపినా 11 మారదు. 11 అంటే 3. సున్నా నుంచి లెక్కపెడితే నాలుగో లింకు, అంటే eth4. కావలిలోని ప్రతి ఐపీవీ4 ప్యాకెట్ అక్కడికే వెళ్తుంది. రేపూ అక్కడికే, వచ్చే ఏడాదీ అక్కడికే.

మరి eth3 మీద 310 ఎక్కడిది? ఐపీవీ6 ప్యాకెట్ రకం `86dd`, దాని చివరి బిట్లు 01. 11తో ఎక్సార్ చేస్తే 10, అంటే 2, అంటే eth3. మొత్తం ఐపీవీ6 అంతా ఆ లింకు మీద వెళ్తోంది. eth2 మీద కనిపించిన ఆ చిన్న చినుకు ఏఆర్‌పీ. దాని రకం `0806`, చివర 10, లెక్క కడితే 01 వస్తుంది. పంపకం ఇలా ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, ఏఆర్‌పీకి ఒకటి అని విడిపోయి కనిపిస్తే `layer2` హాష్ వేలిముద్ర దొరికినట్టే. సెట్టింగ్ చూడకుండానే చెప్పేయవచ్చు. పాత కెర్నెల్‌లలో రకం అంకెలోని బైట్లు తిరగబడి లెక్కలోకి వచ్చేవి కాబట్టి ఏ లింకు అన్నది మారవచ్చు, రకానికొక లింకు అన్న తీరు మాత్రం అదే. లింకుల వరుస మీరు వాటిని బండిల్‌లో చేర్చిన క్రమాన్ని బట్టి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

మూడో పని: మారే అంకెలను లెక్కలోకి తీసుకురండి

హాష్ బాగా పంచాలంటే దానికి ఇచ్చే అంకెలు ప్యాకెట్ నుంచి ప్యాకెట్‌కు మారాలి. రెండు రౌటర్ల మధ్య మ్యాక్‌లు మారవు. ఐపీలు మారతాయి, పోర్టులు ఇంకా ఎక్కువ మారతాయి. అందుకే ఇక్కడ `layer3+4` పెట్టాలి:

```
ip link set bond0 type bond xmit_hash_policy layer3+4
```

మైక్రోటిక్‌లో:

```
/interface bonding set bond1 transmit-hash-policy=layer-3-and-4
```

అక్కడ కూడా ఎవరూ ముట్టుకోకపోతే ఉండేది `layer-2` పద్ధతే. చిన్న ప్రొవైడర్ల దగ్గర ఈ సమస్య ఇంతగా కనిపించడానికి ఆ డిఫాల్టే కారణమని నా అభిప్రాయం. బండిల్ కట్టగానే నాలుగు దీపాలూ వెలుగుతాయి, ఎవరూ లోపలికి వెళ్లి చూడరు.

మార్పును తెల్లవారుజామున చేయండి. బండిల్‌ను దించే అవసరం లేదు కానీ మార్చిన క్షణంలో నడుస్తున్న సంభాషణలు ఒక లింకు నుంచి ఇంకోదానికి దూకుతాయి, కొన్నింటి వరుస ఒక్కసారి తప్పుతుంది. లినక్స్‌లో పై కమాండ్ రీబూట్‌తో పోతుంది కాబట్టి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఫైలులో కూడా రాయండి. తర్వాత కావలి రౌటర్‌లోనూ ఇదే చేయండి. నెల్లూరులో మార్చినది దించుకునే దిశకు మాత్రమే వర్తిస్తుంది. ఎక్కించే దిశను కావలి రౌటర్ తన సొంత లెక్కతో పంచుతుంది. రెండు చివరలా ఒకే పద్ధతి ఉండి తీరాలన్న నియమం లేదు, ఒక చివర సరిచేస్తే రెండోది దానంతటది సరికాదన్నదే విషయం.

పోర్టులు చూడకుండా మ్యాక్‌లు, ఐపీలు మాత్రమే చూసే `layer2+3` చాలదా అని అడగవచ్చు. కొన్నిచోట్ల చాలు. కానీ కావలిలోనే నాట్ చేసి పదిహేను వందల ఇళ్లను నాలుగైదు పబ్లిక్ ఐపీల వెనక దాచి ఉంటే, నెల్లూరు నుంచి చూసినప్పుడు గమ్యం ఐపీలు నాలుగైదే. అవతల నెల్లూరులో ఒక వీడియో కాష్ సర్వర్ ఉంటే దాని ఐపీ ఒకటే. ఆ జతలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో మూడు ఒకే లింకు మీద పడితే మళ్లీ మొదటికొస్తుంది. పోర్టులను కలిపితే ఒక్కో ఇంట్లోని ఒక్కో కనెక్షన్ వేరుగా లెక్కకొస్తుంది.

`layer3+4`కు ఒక లోపం ఉంది, బాండింగ్ పత్రమే ఒప్పుకుంటుంది. ముక్కలైన ప్యాకెట్ల విషయంలో పోర్టు అంకెలు లెక్కలోకి రావు. ఒకే సంభాషణలో కొన్ని ముక్కలుగా, కొన్ని నిండుగా వెళ్తే అవి రెండు లింకుల మీద పడి వరుస తప్పవచ్చు. మామూలు ఇంటర్నెట్ ట్రాఫిక్‌లో ముక్కలు అరుదు కాబట్టి నేను దీన్ని పట్టించుకోను.

రెండు రౌటర్ల మధ్య బండిల్‌ను నేరుగా రౌటర్లు కాకుండా రెండు చివరలా స్విచ్‌లు పట్టుకుని ఉంటే కథ మారుతుంది. అప్పుడు లింకును ఎంచుకునేది స్విచ్. రౌటర్‌లో ఏం మార్చినా ఫలితం ఉండదు. స్విచ్‌లోని హాష్ సెట్టింగ్ మార్చాలి. చాలా సిస్కో కేటలిస్ట్ స్విచ్‌లలో అది స్విచ్ మొత్తానికి ఒకటే, కాబట్టి అదే స్విచ్‌లోని మిగతా బండిల్‌ల మీద ప్రభావం ఏమిటో ముందే ఆలోచించండి:

```
port-channel load-balance src-dst-ip
```

నాలుగో పని: మార్చాక పరీక్షించండి, కానీ పరీక్షను నమ్మే ముందు ఆలోచించండి

ఒక్క డౌన్‌లోడ్‌తో పరీక్షిస్తే ఏ పద్ధతిలోనైనా ఒకే లింకు కదులుతుంది. ఒక టీసీపీ కనెక్షన్ అంటే ఒకే ఐపీల జత, ఒకే పోర్టుల జత, ఒకే శేషం. నాలుగు లింకులు కట్టినా ఒక కనెక్షన్‌కు 1 జీ దాటదు. బండిల్ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఇది. కాబట్టి చాలా కనెక్షన్లు తెరవాలి. `iperf3`లో `-P 16` పెడితే పదహారు తెరుచుకుంటాయి.

ఇక్కడొక ఉచ్చు ఉంది. లినక్స్‌లో కనెక్షన్ తెరిచేటప్పుడు కెర్నెల్ వీలైనంతవరకు సరి సంఖ్య పోర్టులే ఎంచుకుంటుంది. పదహారు కనెక్షన్లూ ఒకే ఐపీకి, ఒకే పోర్టుకు వెళ్తుంటే మారేది ఆ సరి సంఖ్య ఒక్కటే, దాని చివరి బిట్ ఎప్పుడూ సున్నా. పాత బాండింగ్ డ్రైవర్ ఆ బిట్‌ను కూడా లెక్కలోకి తీసుకునేది. ఫలితంగా రెండు లింకుల బండిల్‌లో అన్నీ ఒకే లింకు మీదికి, నాలుగు లింకుల బండిల్‌లో రెండింటి మీదికి వెళ్లేవి. తర్వాతి కెర్నెల్‌లలో `layer3+4` లెక్క చివర ఆ అడుగు బిట్‌ను పారేస్తున్నారు. పాత కెర్నెల్ ఉన్న పెట్టెలో `iperf3` సగం లింకులే చూపిస్తే హాష్ పనిచేయలేదని తొందరపడి వెనక్కి మార్చకండి. అసలైన పరీక్ష రాత్రి తొమ్మిది గంటల ట్రాఫిక్.

మన కావలి ఉదాహరణలో ఆ రాత్రి అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: 820, 610, 540, 430. మొత్తం 2400. ముందు రోజు 1270 దగ్గర ఆగిన జనం ఇప్పుడు 2400 వాడుతున్నారంటే కొత్త కనెక్షన్లు వచ్చాయని కాదు. వీడియోలు ముందు తక్కువ నాణ్యతకు దిగిపోయి సర్దుకున్నాయి, ఇప్పుడు ఊపిరి పీల్చుకున్నాయి.

ఇంకా ఒకటే నిండుతుంటే

`layer3+4` పెట్టినా మార్పు లేదంటే, మీరు పంపుతున్న ప్యాకెట్ మీద బయటికి కనిపించే అంకెలు ఇంకా మారడం లేదన్నమాట. మన ప్రాంతంలోని చిన్న నెట్‌వర్క్‌లలో దీనికి రెండు కారణాలు తరచుగా ఉంటాయి.

మొదటిది టన్నెల్. పీపీపీఓఈ సర్వర్‌ను నెల్లూరులో ఉంచి, కావలి ఓఎల్‌టీలను మైక్రోటిక్ ఈఓఐపీ టన్నెల్ ద్వారా అక్కడికి తెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ టన్నెల్ జీఆర్‌ఈ మీద నడుస్తుంది. బయటి కవరు మీద నెల్లూరు ఐపీ, కావలి ఐపీ మాత్రమే ఉంటాయి, పోర్టులు ఉండనే ఉండవు. లోపల పదిహేను వందల ఇళ్లు ఉన్నా హాష్‌కు కనిపించేది ఒకే ఒక్క సంభాషణ. ఇంటర్‌ఫేస్ మీద ట్రాఫిక్‌ను మైక్రోటిక్‌లోని టార్చ్ టూల్‌తో చూస్తే దాదాపు అంతా ప్రోటోకాల్ 47గా కనిపిస్తుంది, దాంతో తేలిపోతుంది. టన్నెల్‌ను నాలుగుగా విడగొట్టి వేర్వేరు చివరి ఐపీలు ఇవ్వవచ్చు. కానీ నాలుగు టన్నెళ్లు నాలుగు లింకుల మీదే పడతాయన్న హామీ లేదు, ఐపీలు మార్చి మార్చి చూసి సరిపెట్టాలి. వీఎక్స్‌లాన్ అయితే లోపలి సంభాషణను బట్టి బయటి యూడీపీ సోర్స్ పోర్టును మారుస్తుంది కాబట్టి `layer3+4`తో చక్కగా పంచుకుంటుంది. అన్నింటికన్నా మేలైనది పీపీపీఓఈ సర్వర్‌నే కావలికి తరలించడం. అప్పుడు ఈ లింకు మీద మామూలు ఐపీ ప్యాకెట్లే నడుస్తాయి.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. టన్నెల్ లేకుండా పీపీపీఓఈ ఫ్రేములనే వీలాన్‌లో పెట్టి బండిల్ మీద నడిపితే, `layer3+4`కు అవి ఐపీ ప్యాకెట్లుగా కనిపించవు. ఐపీ కాని దేనికైనా అది మళ్లీ `layer2` సూత్రానికే వెళ్లిపోతుంది. ఈసారి మాత్రం గమ్యం మ్యాక్‌లు పదిహేను వందలు ఉన్నాయి కదా, పంపకం బాగుండాలి. సాధారణంగా బాగానే ఉంటుంది. కానీ మీరు అందరికీ ఒకే మోడల్ ఓఎన్‌టీ ఇచ్చి ఉండి, ఆ తయారీదారు ఒక్కో పెట్టెకు నాలుగో ఎనిమిదో మ్యాక్‌లు కేటాయించి, వాటిలో ఒకే స్థానంలో ఉన్నదాన్ని వాన్ వైపు వాడి ఉంటే, అందరి మ్యాక్‌ల చివరి రెండు బిట్లూ ఒకటే అవుతాయి. పదిహేను వందల వేర్వేరు అడ్రస్‌లు, కానీ శేషం ఒకటే.

దీన్ని కనిపెట్టడం సులువు. పీపీపీఓఈ సర్వర్‌లో నడుస్తున్న సెషన్ల జాబితా తీయండి. మైక్రోటిక్‌లో `/ppp active print` ఇస్తే `CALLER-ID` గడిలో మ్యాక్ ఉంటుంది. ఆ గడిని ఎక్సెల్‌లోకి తీసుకుని చివరి అక్షరాన్ని మాత్రం లెక్కపెట్టండి. 0, 4, 8, c ఉన్నవన్నీ ఒక లింకు. 1, 5, 9, d ఉన్నవి ఒకటి. 2, 6, a, e ఒకటి. 3, 7, b, f ఒకటి. నాలుగు గుంపులూ రమారమి సమానంగా ఉంటే మ్యాక్‌ల తప్పు లేదు. ఒకే గుంపులో పన్నెండు వందలు ఉంటే జవాబు దొరికింది. లినక్స్‌లో `encap3+4` పెడితే పీపీపీఓఈ కవరు విప్పి లోపలి ఐపీ చూడగలదు. అది లేని పెట్టెల్లో పీపీపీఓఈని ఈ లింకు దాటనివ్వకుండా కావలిలోనే ముగించడమే దారి.

ఐదో పని: బండిల్ అసలు సామర్థ్యం ఎంతో తేల్చుకోండి

820, 610, 540, 430 అన్న అంకెలు చూసి ఇంకా సమానం కాలేదని బాధపడనక్కర్లేదు. హాష్ సంభాషణల సంఖ్యను పంచుతుంది, వాటి బరువును కాదు. ఒక ఇంట్లో ఎవరో పెద్ద ఆట దించుకుంటుంటే ఆ ఒక్క సంభాషణ వంద చిన్నవాటితో సమానం, అది పడ్డ లింకు బరువెక్కుతుంది. దీన్ని పూర్తిగా తీసేయలేరు, లెక్కలోకి తీసుకోగలరు.

నాలుగు లింకుల సగటును అన్నింటికన్నా నిండిన లింకుతో భాగించండి. 2400లో నాలుగో వంతు 600. దాన్ని 820తో భాగిస్తే 0.73. ఈ పంపకం ఇలాగే ఉంటే 4000లో 0.73 వంతు, అంటే దాదాపు 2930 దగ్గర మొదటి లింకు నిండుతుంది. మీ 4 జీ బండిల్ నిజానికి 2.9 జీ బండిల్. సరిచేయకముందు ఇదే లెక్క కడితే 317ను 960తో భాగించి 0.33, అంటే 1.3 జీ. కావలిలో కనెక్షన్లు పెంచే ముందు చూడాల్సిన అంకె ఇదే. హెచ్చరికలు కూడా బండిల్ మీద పెట్టవద్దు. నాలుగు లింకుల పంపే దిశలకు విడివిడిగా, ఏ ఒక్కటి 80 శాతం దాటినా మెసేజ్ వచ్చేలా పెట్టండి.

రద్దీ వేళ వాడకం 2.5 జీకి చేరితే నాలుగు లింకులను ఆరు చేయడం కన్నా ఒక్క 10 జీ లింకుకు మారడం మంచిది. అందులో హాష్ లేదు, శేషం లేదు, ఒక్కో కనెక్షన్‌కు 1 జీ గోడ కూడా ఉండదు. ఆరు లింకులతో వచ్చే చిక్కు ఇంకొకటి: హాష్ ఫలితాన్ని ఎనిమిది గడులుగా చేసి పంచే స్విచ్‌లు ఉన్నాయి. వాటిలో ఆరు లింకులు కడితే రెండింటికి రెండేసి గడులు, మిగిలిన నాలుగింటికి ఒక్కోటి వస్తాయి. మొదటి రెండూ మిగతావాటి కన్నా రెట్టింపు మోస్తాయి. మూడు లింకులైనా అంతే, 3, 3, 2. ఎనిమిది గడుల స్విచ్ అయితే రెండు, నాలుగు, ఎనిమిది దగ్గరే ఉండండి.

చివరిగా ఒక లింకు తీసి చూడండి

తెల్లవారుజామున నాలుగింటికి, ట్రాఫిక్ అడుగంటినప్పుడు, eth4ను దించండి. భాగించే సంఖ్య నాలుగు నుంచి మూడుకు మారుతుంది. సున్నా నుంచి పదకొండు వరకు ఉన్న హాష్ ఫలితాలను రెండు రకాలుగా భాగించి చూస్తే 0, 1, 2 మాత్రమే పాత శేషంతోనే ఉంటాయి, మిగిలిన తొమ్మిదీ మారతాయి. అంటే పోయింది ఒక లింకే అయినా దాదాపు ముప్పాతిక సంభాషణలు చోటు మారతాయి. లింకును మళ్లీ ఎక్కిస్తే ఇంకోసారి మారతాయి. ఎక్కడో ఒక మాడ్యూల్ వేడెక్కి నిమిషానికోసారి పడి లేస్తుంటే కావలిలో అందరి ఆటలూ ఎందుకు కుదుపుకు గురవుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి లింకు దొరికితే బాగుచేసేదాకా దాన్ని బండిల్ నుంచి తీసేసి మూడింటితో నడపండి. దించినప్పుడు మిగిలిన మూడూ పంచుకుంటున్నాయో లేదో `sar`తో చూసి, ఆ మూడింటి నిష్పత్తితో ఐదో పనిలోని లెక్క మరోసారి కట్టి, ఆ అంకెను కూడా రాసి పెట్టుకోండి. రాత్రి తొమ్మిదికి ఒక మాడ్యూల్ పోతే ఎంతమందికి సరిపోతుందో అదే చెబుతుంది.